మాత్రనూ మింగేస్తున్న టీ గ్లాసు

ఒక ఐరన్ మాత్రను నలిపి గ్లాసుడు టీ డికాషన్‌లో కలిపి చూడండి. ఎర్రటి డికాషన్ నల్లబడిపోతుంది. వెనకటికి కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి రాత సిరా తయారు చేసింది కూడా ఈ కిటుకుతోనే. వగరు పదార్థం ఐరన్‌ను పట్టేసుకుంటుంది, ఇక వదలదు. అలా పట్టుబడిన ఐరన్‌ను పేగు పీల్చుకోలేదు, అది మలంతో బయటకు పోతుంది. రక్తహీనతతో ఉన్న మన ఆడవాళ్ల కడుపులో రోజూ తయారవుతున్నది ఈ సిరాయే.

గుంటూరులో మిర్చి తొడిమలు తీసే ఒకామెను చూశాను. హిమోగ్లోబిన్ 8.6. ప్రభుత్వ మాత్ర, అంటే 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్నది, ఒక్క రోజూ మానలేదు. నెల తర్వాత పరీక్ష చేస్తే 8.9. చికిత్స పనిచేస్తుంటే నెలకు కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే కారణం వెతకాలన్నది ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆమెను అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే: "మాత్రలు సరిగా వేసుకుంటున్నావా అమ్మా?" దేనితో వేసుకుంటున్నావని ఎవరూ అడగలేదు. పొద్దున పొట్లంలోని నాలుగు ఇడ్లీలు తిని, మాత్ర నోట్లో వేసుకుని, వెంటనే టీ తాగుతుంది. మధ్యాహ్నం పప్పన్నం తిన్న పది నిమిషాలకు మళ్లీ టీ.

ఇది నా ఊహ కాదు. బెంగళూరులో యువతులపై చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. అన్నం భోజనంతో ఒక కప్పు టీ ఇస్తే రక్తహీనత ఉన్నవారిలో ఐరన్ గ్రహింపు దాదాపు సగానికి పడిపోయింది. రెండు కప్పులు ఇస్తే మూడింట రెండు వంతులు పోయింది. పాలు పోసిన టీ కదా అనుకుంటే లాభం లేదు, పాలు కలిపినా ఈ దెబ్బ పెద్దగా తగ్గదని వేరే పరిశోధనల్లో తేలింది. వండిన మాంసంలోని ఐరన్ జోలికి టీ అంతగా పోదు. కానీ ఆమె మాంసం తినేది ఆదివారం, టీ తాగేది రోజూ.

లెక్క వేద్దాం. టిఫినులో 3 మిల్లీగ్రాముల ఐరన్ ఉండి, అందులో పది శాతం ఒంటికి పడుతుందనుకుంటే దక్కేది 0.3. పక్కన టీ ఉంటే 0.15. నెలసరి వచ్చే స్త్రీకి రోజుకు ఒంటపట్టాల్సింది సుమారు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీగ్రాములు. ముందే చాలని తిండి, అందులోనూ సగం గ్లాసుకు కప్పం!

రక్తహీనతకు అసలు కారణం టీ కాదు, చాలని తిండి, అధిక రక్తస్రావం, నులిపురుగులు అంటారు కొందరు వైద్యులు. నిజమే. ఒంట్లో ఐరన్ నిల్వలు నిండుగా ఉన్నవారు టిఫినుతో టీ తాగినా పెద్ద నష్టం లేదు. కానీ నేను మాట్లాడుతున్నది నిల్వలు అడుగంటినవారి గురించి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. కారు ట్యాంకుకు చిల్లు ఉంటే పెట్రోలు పోసే గొట్టాన్ని మడిచి పట్టుకోవడం ఏం తెలివి?

విరుగుడు ఖరీదైనదీ కాదు. టీ మానక్కర్లేదు, జరిపితే చాలు. తిన్నాక గంట ఆగితే నష్టం తగ్గుతుంది, రెండు గంటలు ఆగితే ఇంకా మంచిది. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఆ పులుపు ఐరన్‌ను పేగుకు అందిస్తుంది. మాత్రను రాత్రి భోజనమైన రెండు గంటలకు, పడుకునే ముందు నీళ్లతో వేసుకుంటే సరి, ఆ వేళ ఎలాగూ టీ ఉండదు. కాల్షియం మాత్ర కూడా ఉంటే దాన్ని వేరే పూటకు మార్చాలి.

మరి ఆమె ఎందుకు జరపలేదు? ఇక్కడే నాకు కోపం వస్తుంది. జరపడానికి ఆ గంట ఆమె చేతిలో లేదు. కూలి బస్తా లెక్కన. తొడిమ తీయని నిమిషానికి పైసా రాదు. టిఫిను, టీ, మాత్ర, పక్కామెతో రెండు మాటలు, అన్నీ ఒకే విరామంలో ఇరికించుకోవాలి. పైగా చాలామందికి టీ రుచి కోసం కాదు, ఐదో ఇడ్లీకి బదులు. వేడి వేడి తీపి నీళ్లతో ఆకలి సర్దుకుంటుంది. ఇంట్లో అయితే అందరూ తిన్నాక మిగిలింది తిని, స్టవ్ మీద ఆఖరి టీ తనకు. ఈ ఏర్పాటునంతా వదిలేసి ఆమె అలవాటును తప్పుపట్టే పోస్టర్లు గోడలకు అంటిస్తున్నాం.

ఆమె పనిచేసే షెడ్డుకు టీ కుర్రాడు కెటిల్‌తో ఎనిమిదిన్నరకు వస్తాడు, సరిగ్గా టిఫిను పొట్లాలు విప్పే వేళకు. పదిన్నరకు రమ్మంటే వస్తావా అని అడిగాను. "నాకేం సార్, ఎప్పుడైనా వస్తాను. ఆ టైములో వీళ్లను లేవనివ్వమని మేస్త్రీ గారితో చెప్పండి" అన్నాడు.