వయసు మీదికి నెట్టేసిన రక్తహీనత

"అరవై దాటాక ఒంట్లో రక్తం తగ్గడం సహజం. మలంలో రక్తం కనబడకపోతే పేగులు బాగున్నట్టే. ఎండోస్కోపీలు డబ్బు గుంజడానికే. రోజూ బీట్‌రూట్ రసం తాగండి, హిమోగ్లోబిన్ అదే పెరుగుతుంది. పదిమందికీ పంపండి."

ఈ వారంలో ఇది నాకు అయిదోసారి వచ్చింది. గుంటూరు నుంచి మూడు, బెజవాడ నుంచి రెండు. పంపినవాళ్లంతా చదువుకున్నవాళ్లే.

బీట్‌రూట్ తాగండి, నాకేం అభ్యంతరం లేదు. అందులో ఇనుము ఉండేది కొంచెమే. రంగు చూసి రక్తం అనుకుంటే దానిమ్మ రసం కూడా రక్తమే.

ఒళ్లు మండేది మలం గురించిన మాటకి. పెద్దపేగు మొదలయ్యే చోట, అంటే పొట్ట కుడివైపు కింద, మలం ఇంకా పల్చగానే ఉంటుంది. అక్కడ గడ్డ నుంచి రోజుకి రెండు చెంచాల రక్తం కారినా అందులో కలిసిపోతుంది. నొప్పీ ఉండదు. ఆ రెండు చెంచాలు, అంటే 10 మిల్లీలీటర్ల రక్తంతో, దాదాపు 5 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. తిండి నుంచి రోజూ ఒంటికి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. నిల్వలు ఎన్నాళ్లు ఆగుతాయి?

మా మేనమామకి 67 ఏళ్లు, మిర్చి కొట్లో గుమాస్తా. మెట్లెక్కితే ఆయాసం, హిమోగ్లోబిన్ 8.4. "వయసండీ" అని ఒక డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. రెండు నెలల్లో 10.6కి పెరిగింది, ఇంట్లో పండగ. మాత్రలు ఆపిన మూడు నెలలకి మళ్లీ 8.

రెండో డాక్టరు ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించారు. 9 వచ్చింది, అంటే ఇనుము అడుగంటింది. మోకాళ్ల నొప్పికి వాడే డైక్లోఫెనాక్ మాత్రల వల్ల కడుపులో పుండు పడిందేమో అన్నాం. కావచ్చు గానీ అంతటితో ఆగకూడదన్నారాయన. మలం పరీక్షలో రక్తం లేదని వచ్చినా, కారేది ఆగి ఆగి కారుతుంది కాబట్టి దాన్ని నమ్మలేదు. ఎండోస్కోపీలో కడుపులో చిన్న పుండు కనబడింది. అయినా పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ కూడా చేశారు. పెద్దపేగు మొదట్లో క్యాన్సర్ గడ్డ. ఆపరేషన్ చేసి తీసేశారు. మాత్రలు ఇంకో ఏడాది మింగి ఉంటే రిపోర్టు బాగుండేది, గడ్డ పెరిగేది.

డబ్బు గుంజుడు మాట పూర్తిగా అబద్ధం కాదు. ఫెరిటిన్ కూడా చూడకుండా పెద్ద ప్యాకేజీ అంటగట్టేవాళ్లున్నారు. మంచాన పడ్డ తొంభై ఏళ్ల మనిషికి కొలనోస్కోపీ వద్దనుకోవడమూ సబబే. ఇంకో మాటా ఒప్పుకుంటాను: అన్నీ వెతికాక కూడా కొందరు పెద్దవాళ్లలో కారణం దొరకదు. కానీ అది వెతికాక తేలే సంగతి. ఫార్వర్డ్ చూసి తేల్చేది కాదు.

నిన్న ఆ మెసేజ్ మామయ్యకీ వచ్చింది. పంపింది ఎవరో కాదు, ఆపరేషన్ రోజు ఆసుపత్రిలో మాతోపాటు కూర్చున్న మా బాబాయి.