లోడు నడుమ ఉందని చివర్లలో రింగులు తగ్గించకండి

“సింప్లీ సపోర్టెడ్ బీము నడుమ లోడు ఉంటే గుర్తుంచుకోండి. 1. రెండు ఆధారాలకూ చెరి సగం. 2. షియర్ ఫోర్స్ లోడు కింద అత్యధికం, ఆధారాల దగ్గర సున్నా. 3. బెండింగ్ మూమెంట్ బొమ్మ పారాబోలా. 4. పాజిటివ్ షియర్‌ను గీత కింద గీస్తే తప్పు. 5. చివర్లలో రెండూ సున్నాయే కాబట్టి రింగులు నడుమ దట్టంగా, చివర్లలో దూరంగా కట్టండి, ఇనుము ఆదా. డిప్లొమా మిత్రులందరికీ పంపండి.”

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి పిల్లల గ్రూపుల నుంచి ఇది నాకు వస్తూనే ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, డిప్లొమాలో ఇంగ్లీషు పుస్తకాలు. తెలుగులో నాలుగు ముక్కలు కనిపించగానే ఆత్రంగా పంపుకుంటారని తెలుసు. మార్కులు పోతే మళ్లీ రాయవచ్చు. అయిదో మాట నమ్మి ఎవరైనా బీము కట్టిస్తే?

మొదటిది నిజం. నాలుగోదానితో పేచీ అక్కర్లేదు. ఏ వైపు పాజిటివ్ అనుకున్నారో బొమ్మ పక్కన రాసి, చివరిదాకా అదే పాటిస్తే చాలు.

అసలు తప్పు రెండోదానిలో ఉంది. ధాన్యం మిల్లులో చైన్ బ్లాక్ వేలాడదీసే బీము ఒకటి తీసుకుందాం. పొడవు 6 మీటర్లు, సరిగ్గా నడుమ 40 కిలోన్యూటన్లు. బీము సొంత బరువును కాసేపు పక్కన పెడదాం. ఎడమ ఆధారం 20 పైకి నెడుతుంది. ఆధారం నుంచి అర మీటరు దూరంలో బీమును కోసినట్టు ఊహించి ఆ చిన్న ముక్కనే చూడండి. దాని మీద పైకి 20 ఉంది, కిందికి లోడేమీ లేదు. మరి ఆ ముక్క పైకి లేచిపోకుండా పట్టి ఉంచేది ఏది? కోసిన చోట బీము లోపల పుట్టే 20 కిలోన్యూటన్ల షియరే. ఒక మీటరు దగ్గర కోసినా, రెండు మీటర్ల దగ్గర కోసినా అంతే. కాబట్టి బొమ్మ ఎడమ ఆధారం దగ్గర ఒక్కసారిగా +20కి లేచి, నడుమదాకా సమంగా సాగి, లోడు దగ్గర 40 పడిపోయి −20కి చేరుతుంది. కుడి ఆధారం దగ్గర 20 లేచి సున్నాతో ముగుస్తుంది. అలా ముగియకపోతే లెక్కలో ఎక్కడో తప్పు జరిగిందన్నమాట.

మూమెంట్ ఆధారం దగ్గర సున్నా, 1 మీటరు దగ్గర 20, 2 మీటర్ల దగ్గర 40, నడుమ 60 కిలోన్యూటన్ మీటర్లు. ప్రతి మీటరుకూ 20 చొప్పున పెరిగేది సరళరేఖ కాక మరేమిటి? రెండు గీతలు కలిసి త్రిభుజం అవుతుంది. మూమెంట్ బొమ్మ వాలే షియర్ అన్న సంగతితో సరిచూసుకోవచ్చు. ఇదే 60 శిఖరంతో పారాబోలా గీస్తే ఆధారం దగ్గర వాలు 40 వస్తుంది. రియాక్షనే 20 అయినప్పుడు ఆ 40 ఎక్కడిది?

అయితే ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నిజమైన బీముకు సొంత బరువు ఉంటుంది. 230 × 450 మిల్లీమీటర్ల కాంక్రీటు బీము మీటరుకు సుమారు 2.6 కిలోన్యూటన్లు. దాన్ని కలిపితే మూమెంట్ గీతలు కొద్దిగా వంపు తిరుగుతాయి, నడుమ విలువ 72 దాకా వెళ్తుంది. అప్పుడు కూడా లోడు కింద మొన అలాగే ఉంటుంది, నున్నటి పారాబోలా రాదు. షియర్ మాత్రం ఆధారం దగ్గర 27.8కి పెరిగి, నడుమకు వచ్చేసరికి 20కి తగ్గుతుంది. ఆ సందేశం సున్నా అన్నచోటే అది అత్యధికం.

ఇక అయిదోది. ఇది రాసినవారి మీద నాకు నిజంగా కోపం వస్తోంది. మూమెంట్ వల్ల వచ్చే పగుళ్లు నడుమ భాగంలో, కింది అంచు నుంచి నిలువుగా వస్తాయి. కడ్డీలు సరిగా ఉంటే బీము ముందు కిందికి వంగి హెచ్చరిస్తుంది. షియర్ పగులు అలా కాదు. ఆధారానికి కాస్త ఇవతల మొదలై లోడు వైపు ఏటవాలుగా పైకి పాకుతుంది. దానికి అడ్డంగా రింగులు లేకపోతే బీము హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా విరుగుతుంది. కింద మనుషులు ఉంటారు. కిలోల లెక్కన ఇనుము ఆదా చేసేది ఇక్కడా?

న్యాయంగా చెప్పాలంటే, చివర్లలోనే దట్టంగా కట్టాలన్న అలవాటు కూడా పొడవునా పరుచుకున్న లోడు నుంచి వచ్చినదే. నడుమ లోడే ప్రధానమైతే షియర్ ఇంచుమించు అంతటా ఒకటే, కాబట్టి రింగుల దూరమూ ఒకేలా ఉంచవచ్చు. ఆ దూరం షియర్ లెక్క నుంచి రావాలి. లెక్క ఎంత చెప్పినా ఐఎస్ 456 ప్రకారం నిలువు రింగుల మధ్య 300 మిల్లీమీటర్లు, లేదా బీము ఎఫెక్టివ్ డెప్త్‌లో ముప్పావు వంతు, ఏది తక్కువైతే దాన్ని మించకూడదు. చివర్లలో మూమెంట్ లేదని కింది కడ్డీలన్నీ మధ్యలోనే ఆపేయడమూ కుదరదు. కనీసం మూడో వంతు ఆధారం లోపలికి వెళ్లాలి.

ఈ సందేశం చూసి ఎక్కడైనా ఇప్పటికే ఇనుము కట్టి ఉంటే, కాంక్రీటు పోయకముందే టేపు పట్టుకుని ఆధారం నుంచి నడుమదాకా రింగుల దూరం కొలవండి. చివర్లలో దూరం ఎక్కువగా కనిపిస్తే ఆ రోజు పోత ఆపించి, ఇంజినీరును పిలిచి, అదనపు రింగులు కట్టించండి.