పందికొక్కు పరువు నష్టం

ఇంగ్లీషు నిఘంటువులో మన వాటా ఎంతని లెక్క తీసేవాళ్లంతా జంగిల్, బంగళా, షాంపూల దగ్గరే ఆగిపోతారు. అవన్నీ ఉత్తరాది సరుకు, పైగా దారిలో రూపు చెడినవి. పాత వైద్యగ్రంథాల్లో జాంగలమంటే నీరు తక్కువగా, చెట్లు పలచగా ఉండే పొడినేల. హిందీలో అది బీడై, అడవై, ఓడ దిగేసరికి చినుకు ఆగని కీకారణ్యమైంది. బంగళా అంటే బెంగాలు తరహా పూరిల్లు. షాంపూ అయితే మాట కూడా కాదు, ‘ఒత్తు’ అని పనివాడికిచ్చే ఆజ్ఞ. పట్నా నుంచి వెళ్లిన దీన్ మహమ్మద్ 19వ శతాబ్దపు తొలినాళ్లలో బ్రైటన్‌లో ఆవిరిస్నానాల ఇల్లు పెట్టి, దొరల ఒళ్లు పట్టింది ఆ పేరుతోనే. తల మీద నురగ ఆ తరవాతి ముచ్చట.

ఈ సందడిలో తెలుగువాడి సొంత ఎగుమతిని పట్టించుకున్నవాళ్లు లేరు. దాని పేరు బాండికూట్. యూల్, బర్నెల్ దొరల హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు 1886లోనే ఇది తెలుగు పందికొక్కు అని, అంటే పంది-ఎలుక అని, ఊరూ పేరూ సహా నమోదు చేసింది. ‘ప’ పలకలేక ‘బ’ అన్నారు, ‘క్కు’ దగ్గర నాలుక మడత పడి ‘ట్’తో సరిపెట్టారు. పోనీలెండి, దస్తావేజుల్లో మన ఊళ్ల పేర్లకూ ఇదే మర్యాద జరిగింది. అంతకు ముందే జాన్ ఎడ్వర్డ్ గ్రే ఈ ఎలుకల ప్రజాతికి బాండికోటా అని శాస్త్రీయ నామమే పెట్టాడు. తెలుగుకు ప్రాచీన హోదా 2008లో దక్కింది. పందికొక్కుకు 1873లోనే దక్కింది.

అంతటితో ఆగితే ఈ అభ్యంతర పత్రం రాసే పని ఉండేది కాదు. ఆస్ట్రేలియాలో దిగిన తెల్లవాళ్లకు మూతి పొడవుగా ఉండి నేల తవ్వే ఒక జంతువు కనిపించింది. చేతిలో ఉన్న పేరు తగిలించేశారు. అది ఎలుక కాదు, కంగారూలాగా సంచిలో పిల్లల్ని పెంచే జాతి. మట్టి తవ్వుతుంటే పిల్లల కళ్లల్లో పడకుండా ఆ సంచి నోరు వెనక్కి ఉంటుంది. గర్భం దాదాపు పన్నెండు రోజులే. పురుగూ పుట్రా తిని, పచ్చికలో శంకువు ఆకారంలో చిన్న గుంటలు మిగిల్చిపోతుంది. ఇదా పందికొక్కు?

మనది ఎలాంటిదో వరి గట్టు మీద నిలబడితే తెలుస్తుంది. కన్నం ముందు తాజా మట్టి కుప్ప, నోరు లోపలి నుంచి పూడ్చి ఉందంటే దొరవారు ఇంట్లోనే ఉన్నారని అర్థం. కుప్ప ఎండి చదునైతే ఖాళీ చేసినట్టు. లోపల అరల్లో కొరికి తెచ్చిన వరి వెన్నులు నిలవుంటాయి. ఆ కన్నాలు తవ్వి వడ్లు వెనక్కి రాబట్టే విద్య యానాదులది. తినేదానికన్నా దాచేది ఎక్కువన్న ఆ గుణం వల్లే ప్రజాధనం విషయంలో మనం ఈ పేరును ఇంత ధారాళంగా వాడగలుగుతున్నాం. అంత అనుభవం ఉన్న జీవి పేరు, పచ్చికలో పురుగులు ఏరుకునే అమాయక ప్రాణికి ఇవ్వడం పరువు నష్టం కాక మరేమిటి? పరువు ఎవరిదన్నది కోర్టు తేల్చాలి.

ఘోరం ఇంకా ముదిరింది. 1836లో మర్రే నది ప్రాంతంలో మేజర్ మిచెల్ బృందానికి ముంగాళ్లకు రెండేసి గిట్టల్లాంటి వేళ్లున్న జంతువు చిక్కింది. దాన్ని పంది కాళ్ల బాండికూట్ అన్నారు. అంటే పంది కాళ్ల పందికొక్కు. ఒక పంది తెలుగులో, ఒక పంది ఇంగ్లీషులో, చాలనట్టు శాస్త్రీయ నామం కీరోపస్‌లో మూడో పంది గ్రీకులో. ఆ దొరికిన నమూనాకు తోక ఊడిపోయి ఉండటంతో, 1838లో ఆగిల్బీ దానికి ‘తోక లేనిది’ అని కూడా పేరు పెట్టాడు. బతికున్నవాటికి తోక శుభ్రంగా ఉంది. ఇప్పుడు ఆ జాతే లేదు గనక సవరణ పత్రం ఎవరికి అందజేయాలో తెలియదు.

ఒక్క విషయంలో మాత్రం ఆస్ట్రేలియావాళ్లను మెచ్చుకోవాలి. పైన ఆకు కదలకుండా, కింద దుంపలు మాత్రం తవ్వి ఎత్తుకుపోవడాన్ని వాళ్లు ‘బాండికూట్ చేయడం’ అంటారు. పైకి చేను పచ్చగా, లెక్క సరిగ్గా కనిపిస్తుంది. లోపల ఏమీ ఉండదు. మన పద్దుల తనిఖీ అధికారులు ఇంతకాలం పేజీలు పేజీలు రాస్తున్నది దీని గురించే.

చివరికి మాట స్వదేశానికి తిరిగొచ్చింది. 2018లో తిరువనంతపురంలో మురుగు మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే ఒక రోబోను రంగంలోకి దించారు. పేరు బాండికూట్. మనిషి దిగాల్సిన గొయ్యిలోకి యంత్రం దిగుతుందంటే అభ్యంతరం ఏముంటుంది? తెలుగు పురపాలక సంఘాలు కొనేటప్పుడు మాత్రం టెండరు కాగితంలో అసలు పేరు రాయాలని మనవి. ‘పందికొక్కుల కొనుగోలుకు నిధుల మంజూరు’ అన్న పద్దు ఒక్కటైనా ఉన్నదున్నట్టు ఉంటుంది.