ధర పెంచి, ఆ సంగతి చెప్పేయడమా!

ధర పెంచడంలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. పెంచిన సంగతిని పెంచినట్టుగా చెప్పేయడమే మన వ్యాపార మర్యాదకు పెద్ద దెబ్బ. ఈ అపచారం కాశీబుగ్గలో, అదీ జీడిపప్పు వ్యాపారుల లెక్కలు చూసే ఒక అకౌంటెంటు గారి చేతుల మీదుగా జరిగినందువల్ల నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

ఆయన తన పాత క్లయింట్లకు పంపిన సందేశం ఇది: "నమస్కారం. నెలవారీ జీఎస్టీ లెక్కల ఫీజును జూలై 1 నుంచి రూ. 2,000 బదులు రూ. 2,600 చేస్తున్నాను. పన్నుతో కలిపి బిల్లు రూ. 3,068 అవుతుంది. మీరు కొన్న సరుకు బిల్లులు, అమ్మినవారు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ తయారుచేసే జీఎస్టీఆర్-2బి పట్టికలో పడ్డాయో లేదో ప్రతి నెలా ఒక్కొక్కటిగా సరిచూడవలసి వస్తోంది. ఆ పనికి ఒక మనిషిని పెట్టుకున్నాను, పెంపు ఆ జీతానికే. ముందుగా కట్టినవారికి ఆ గడువు తీరేదాకా పాత ఫీజే. కొనసాగడం వీలుకాకపోతే జూన్ నెలాఖరులోగా చెప్పండి. మీ కాగితాలన్నీ అప్పగించి, పోర్టల్‌లో నా ఫోన్ నంబరు ఉంటే తీసి మీది పెట్టిస్తాను."

చావు కబురు చల్లగా చెప్పడమనే విద్య తరతరాలుగా మనకు ఉండగా, నమస్కారం పెట్టిన మరుక్షణమే అంకె చెప్పే మనిషిని ఏమనాలి? పద్ధతి తెలిసినవారు మొదటి పేరాలో తమ ప్రస్థానాన్ని, రెండో పేరాలో కస్టమరు దేవుడన్న సంగతిని చెప్పి, చదివేవారికి కునుకు పట్టే వేళకు "సేవా రుసుములో స్వల్ప సవరణ" అంటారు. ఆరు వందల పెంపును రోజుకు ఇరవై రూపాయలుగా కోసి, టీ ఖర్చుతో పోల్చి, పన్ను అదనమన్న మాటను చుక్క గుర్తు కింద దాచి, ఏడాదికి రూ. 7,200 అవుతుందన్న గుణకారాన్ని ఎదుటివారికే వదిలేస్తారు.

కారణం విషయంలో ఆయన చేసినది మరీ ఘోరం. "పెరుగుతున్న ధరల దృష్ట్యా" అన్న మాట మంగలి షాపు నుంచి ఇంజనీరింగ్ కాలేజీ దాకా అందరికీ సరిపోతుంది, ఎవరూ రుజువు అడగరు. ఈయన రుజువు అడగదగిన కారణం చెప్పారు. అమ్మినవారు తమ రిటర్నులో చూపని బిల్లు మీద కొన్నవారికి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తాము కట్టవలసిన పన్నులో తగ్గించుకునే వీలు, రాదన్న నిబంధన 2022 జనవరి నుంచి ఉన్నమాట నిజమే. అంతమాత్రాన దాన్ని క్లయింటుకు గుర్తు చేయాలా? ఒక వ్యాపారి వెంటనే "ఏదీ, పోయిన నెల నాకు ఏం పట్టుకున్నారు?" అని అడిగారు. పప్పు నింపే రేకు డబ్బాలు అమ్మిన ఆసామీ రూ. 30,000 బిల్లు తన రిటర్నులో ఎక్కించలేదని, అతనికి ఫోన్ చేసి ఎక్కించకపోతే రూ. 5,400 క్రెడిట్ ఆగిపోయేదని అకౌంటెంటు గారు కాగితం చూపించారు. ఆ వ్యాపారి మరి మాట్లాడలేదు. బేరమాడే ముచ్చట తీరకుండానే ఒక మనిషి నోరు మూయించడం మర్యాదేనా?

తేదీ ఎంపికలోనూ లౌక్యం కనబడదు. లోకమంతా ఏప్రిల్ 1న పెంచుతుంది. ఉద్దానంలో జీడిపిక్కలు దిగే ఆ రోజుల్లో వ్యాపారుల డబ్బంతా సరుకులో ఇరుక్కుంటుందని ఈయన జూలైకి జరిపారు. కబురును కూడా 11వ తేదీకీ 20వ తేదీకీ నడుమ, రిటర్నుల హడావుడిలో ఎవరూ చదవని రోజుల్లో పంపవచ్చు కదా. ఆయన ఏప్రిల్ 25న పంపి, ఆలోచించుకోవడానికి రెండు నెలలు ఇచ్చారు. ఆలోచించుకునే క్లయింటు ఎంత ప్రమాదమో ఆయనకు తెలియదు కాబోలు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టినది ఆ ఫోన్ నంబరు. పోర్టల్‌లో క్లయింటు నంబరుకు బదులు తమ నంబరు ఉంచుకుని, ఓటీపీ తమకే వచ్చేలా చూసుకోవడం కొందరు అకౌంటెంట్లకు కోటగోడ లాంటిది. ఆ గోడ ఉన్నంతకాలం ఎంత పెంచినా క్లయింటు సణుగుతాడు గానీ కదలడు. ఈయన ఆ గోడకు తానే తలుపు పెట్టి, తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టారు. ఇలాంటి సందేశం ఒక్క ఊళ్ళో తిరిగితే తక్కిన ఆఫీసుల్లో క్లయింట్లు తమ పాస్‌వర్డ్ తమకు కావాలని అడగరా?

ఇంత నిజాయితీకి ఫలితం లేకపోలేదు. నెలకు నాలుగైదు కొనుగోలు బిల్లులకు మించని ఒక చిన్న దుకాణదారు ఆ సందేశం రెండుసార్లు చదివి, "బాబూ, పెంపు బిల్లులు సరిచూడటానికే అంటున్నారు, మరి నాకు సరిచూడటానికి ఏమున్నాయని అందరితో సమానంగా ఆరు వందలు?" అని అడిగారు. అకౌంటెంటు గారి దగ్గర జవాబు లేదు. అలాంటి చిన్న ఖాతాలకు పాత ఫీజే ఉంచుతున్నట్టు మరో సందేశం పంపవలసి వచ్చింది. "పెరుగుతున్న ధరల దృష్ట్యా" అని ఊరుకుని ఉంటే, ఆ దుకాణదారు మారుమాట లేకుండా రూ. 3,068 కట్టి ఉండేవారు.