ఏ కర్ర ఎవరివ్వాలి?

జర్మనీ రాజులకూ రోము పోపులకూ దాదాపు యాభై ఏళ్లు నడిచిన తగాదా ఒక ఉంగరం, ఒక కర్ర కోసమంటే దయచేసి నవ్వకండి. వ్యవహారం చాలా గంభీరమైనది. బిషప్ పోయినప్పుడు కొత్తాయన చేతికి ఆ రెండూ రాజే ఇచ్చేవాడు. ఉంగరం చర్చితో పెళ్లికి గుర్తు, కర్ర విశ్వాసుల మందకు కాపరితనానికి గుర్తు. ఈ పెళ్లి చేయడానికి రాజెవరని ఏడవ గ్రెగరీ పోపు అడిగాడు. న్యాయమే. కానీ బిషప్ చేతిలో రాజిచ్చిన భూములున్నాయి, సంతల సుంకాలున్నాయి, యుద్ధమొస్తే పంపాల్సిన సైనికులున్నారు. పైగా ఆయన పదవికి కొడుకు వారసుడు కాలేడు. ఇంత అనుకూలమైన జాగీర్దారును ఏ రాజు వదులుకుంటాడు?

గ్రెగరీ చర్చి నుంచి వెలివేసిన జర్మనీ రాజు నాలుగో హెన్రీ 1077లో, ఆ పోపు బస చేసిన కనోస్సా కోట వాకిట చలిలో మూడు రోజులు క్షమాపణ కోసం పడిగాపులు కాశాడు. లోకానికి గుర్తున్నది అదే. తగాదా మాత్రం తెగలేదు. ఏడేళ్ల తర్వాత అదే హెన్రీ రోమును పట్టుకుని తన సొంత పోపు చేత చక్రవర్తి కిరీటం పెట్టించుకున్నాడు.

నా ఓటు మాత్రం రెండో పాస్కల్ పోపుకే. 1111లో ఆయన, నాలుగో హెన్రీ కొడుకైన ఐదో హెన్రీ రాజుతో ఎవరూ అనుకోని ఒప్పందానికొచ్చాడు: బిషప్పులు రాజిచ్చిన ఆస్తులన్నీ తిరిగిచ్చేస్తారు, రాజు ఉంగరం జోలికి రాడు. భూమి లేని బిషప్‌ను ఎవరు నియమిస్తే ఎవరికేం బాధ? ఫిబ్రవరి 12న సెయింట్ పీటర్స్ చర్చిలో, హెన్రీకి చక్రవర్తిగా పట్టాభిషేకం వేళ దీన్ని చదివి వినిపించారు. అంతే, చర్చి దద్దరిల్లింది. దైవసేవకు అంకితమైన ఆ మహనీయులు పేదరికమనే భాగ్యాన్ని మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. పట్టాభిషేకం ఆగిపోయింది. హెన్రీ పోపునే బంధించి, సుమారు రెండు నెలల తర్వాత ఉంగరం, కర్ర ఇచ్చే హక్కు రాయించుకుని, కిరీటం పెట్టించుకుని వదిలాడు. మరుసటి ఏడే చర్చి మహాసభ ఆ కాగితం చెల్లదంది.

చివరికి 1122లో వర్మ్స్ నగరంలో రాజీ కుదిరింది. ఉంగరం, కాపరి కర్ర ఇక రాజు ఇవ్వడు. ఆస్తులకు గుర్తుగా వేరే కర్ర, అంటే రాజదండం ఇస్తాడు. జర్మనీలో బిషప్ ఎన్నిక లంచం, దౌర్జన్యం లేకుండా జరగాలి, అదీ రాజుగారి సమక్షంలో! ఓట్లు చీలితే ‘మెరుగైన పక్షాన్ని’ ఆయనే బలపరుస్తాడు. అక్కడ రాజదండం ముందు, బిషప్‌గా అభిషేకం తర్వాత. కాబట్టి నచ్చనివాడు గెలిచినా, దండం చేతికిచ్చేదాకా ఆగాల్సిందే. ఇటలీ, బర్గండీల్లో వరుస తిరగేశారు: ముందు అభిషేకం, ఆరు నెలల్లోపు దండం. రోముకు దగ్గరగా ఉన్నచోట పోపుది పైచేయి, దూరంగా ఉన్నచోట రాజుది.

ఆస్తి ఎక్కడిదక్కడే ఉంది. బిషప్పులు సంస్థానాధీశులుగా మరో ఏడు శతాబ్దాలు పాలించారు. 1803లో జర్మన్ రాజులు, ఫ్రాన్స్ పాలైన తమ భూములకు పరిహారంగా ఆ సంస్థానాలను దాదాపు అన్నింటినీ పంచుకున్నారు. పాస్కల్ ప్రతిపాదన 692 ఏళ్లకు అమలైంది. ఈసారి బిషప్పులకు చదివి వినిపించి అభిప్రాయం అడిగే పొరపాటు ఎవరూ చేయలేదు.