జూమ్ చేస్తే క్లోజప్ వచ్చేస్తుందా? ఇద్దరి సంభాషణ చిత్రీకరణపై ఒక ఖండన

"ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్‌కి మాస్టర్, ఓవర్ ది షోల్డర్, క్లోజప్ అంటూ ఐదు చోట్ల కెమెరా పెట్టడం ఏం కావాలో తెలియనివాళ్లు చేసే పని. పాత హాలీవుడ్ దర్శకుడు జాన్ ఫోర్డ్ లాంటివాళ్లు కావలసినంతే తీసేవారు. ఒకే సీన్‌ను ఐదుసార్లు ఆడిస్తే నటులు అలిసిపోతారు, రోజు గడిచిపోతుంది. ఇప్పుడు 4కె ఉంది కదా, వైడ్ ఒకటి బాగా తీసి ఎడిటింగ్‌లో జూమ్ చేస్తే క్లోజప్ అదే వస్తుంది. మరీ కావాలంటే రెండు కెమెరాలు ఎదురెదురుగా పెట్టండి, సగం సమయంలో అయిపోతుంది."

నేను ఖండించదలచింది పై వాదననే. అందులో ముందుగా జూమ్ సంగతి చూద్దాం, ఎందుకంటే అది కొలిచి చెప్పగలిగిన విషయం. ఒక ఉదాహరణ అనుకుందాం. అక్క, తమ్ముడు ఒక బల్లకు అటూ ఇటూ కూర్చుని ఇల్లు అమ్మే విషయం రెండు నిమిషాలు మాట్లాడుకుంటారు. ఇద్దరూ, బల్లా పట్టేలా పక్క నుంచి తీసిన మాస్టర్ షాట్‌లో ఫ్రేము సుమారు 2.4 మీటర్ల వెడల్పును చూపిస్తుంది. ముఖం నుంచి మెడ దాకా ఉండే క్లోజప్ చూపించే వెడల్పు సుమారు 80 సెంటీమీటర్లు. అంటే మాస్టర్‌ను మూడు రెట్లు పెద్దది చేయాలి. 4కె ఫ్రేములో అడ్డంగా ఉండే 3840 పిక్సెళ్లలో మనకు మిగిలేవి 1280, కాగా మామూలు హెచ్‌డీకే 1920 కావాలి. ఇక సినిమాను 4కెలోనే పూర్తి చేయదలిస్తే ఆ మెత్తబడిన ముఖం పక్కనున్న షాట్ల మధ్య ఇట్టే దొరికిపోతుంది.

8కె కెమెరాతో ఈ లెక్క తీరిపోతుందని ఎవరైనా అనవచ్చు, హెచ్‌డీ వరకు నిజంగానే తీరుతుంది. కానీ జూమ్ చేసినంత మాత్రాన కెమెరా తానున్న చోటు నుంచి కదలదు. మాస్టర్ కెమెరా బల్లకు పక్కన ఉంది కాబట్టి అందులో ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నంతసేపూ మనకు కనిపించేది పక్క ముఖమే, అంటే ఒక కన్ను, ఒక చెంప. దాన్ని ఎంత పెద్దది చేసినా పెద్ద పక్క ముఖమే వస్తుంది. ఓవర్ ది షోల్డర్ షాట్‌లో (షూటింగుల్లో సజెషన్ అనేది దీన్నే) కెమెరా తమ్ముడి భుజం వెనక్కి వెళ్లి, అక్క చూపు లెన్సుకు కొద్దిగా పక్కగా పోయే చోట నిలబడుతుంది. అప్పుడు రెండు కళ్లూ కనిపిస్తాయి. తమ్ముడి భుజం ఫ్రేములో ఉండటం వల్ల ఆమె ఎవరితో మాట్లాడుతోందో, ఇద్దరి మధ్య దూరం ఎంతో కూడా తెలుస్తుంది. క్లోజప్‌కు వచ్చేసరికి ఆ భుజం కూడా తప్పుకుంటుంది, కెమెరా ఇద్దరినీ కలిపే గీతకు ఇంకాస్త దగ్గరవుతుంది. ఈ మూడూ వేర్వేరు చోట్ల నుంచి చూసిన చూపులు.

లైటుకూ శబ్దానికీ ఇదే వర్తిస్తుంది. వైడ్ ఫ్రేములో లైట్లు కనిపించకూడదు కాబట్టి వాటిని దూరంగా పెట్టక తప్పదు. క్లోజప్‌లో అదే లైటును ముఖానికి చేరువగా తెచ్చి, కంటి కింద నీడను మెత్తబరచవచ్చు. పొడవాటి కర్ర చివర కట్టి నటుల తల పైన పట్టుకునే బూమ్ మైకు కూడా మాస్టర్‌లో ఫ్రేము పై అంచుకు పైనే ఉండిపోతుంది, క్లోజప్‌లో తలకు కొద్ది అంగుళాల దూరానికి దిగుతుంది. ముఖాన్ని జూమ్ చేసి గొంతును దూరంగా వదిలేస్తే ఏదో తేడాగా ఉందని ప్రేక్షకుడు కారణం తెలియకుండానే పసిగడతాడు. దుస్తుల్లో దాచే మైకులు కొంత ఆదుకుంటాయి గానీ బట్ట రాపిడి వినిపించిన చోట అవీ పనికిరావు. ఫ్రేమును పది శాతం లోపు సర్దుకోవడం, తల పైన మిగిలిన ఖాళీని కోయడం వంటివాటికి ఈ జూమ్ చక్కగా ఉపయోగపడుతుంది. దాని పరిధి అంతే.

ఇక దర్శకుడికి ఏం కావాలో తెలియదన్న ఆరోపణ. జాన్ ఫోర్డ్ తక్కువ తీసేవాడన్నది నిజమే. తాను అనుకున్న కూర్పును స్టూడియో వాళ్లు తర్వాత మార్చకుండా ఉండటానికి అది ఆయనకు ఒక ఆయుధం కూడా. ఏ షాటు ఏ మాట మీద మొదలై ఏ మాట మీద ముగుస్తుందో ముందే తలలో కోసుకోగలిగిన దర్శకుడు అలా తీయవచ్చు. అయితే సెట్‌లో ఎంతటివాడికైనా అందని సంగతి ఒకటుంది. ఈ సీన్ తన ముందూ వెనకా ఉన్న సీన్ల మధ్య కూర్చున్నప్పుడు ఎంత వేగంగా నడవాలన్నది షూటింగు నాడు ఎవరికీ పూర్తిగా తెలియదు, కూర్పు బల్ల మీదనే తేలుతుంది.

మన ఉదాహరణలో 80వ సెకను దగ్గర తమ్ముడు, "సంతకం నిన్ననే పెట్టేశానక్కా" అంటాడు. అక్క నాలుగు సెకన్లు ఏమీ అనదు, తర్వాత "అమ్మకు చెప్పావా?" అని అడుగుతుంది. సెట్‌లో ఆ నాలుగు సెకన్లు అందరికీ గొప్పగా అనిపించాయి. సినిమా అంతా పేర్చి చూస్తే దీనికి ముందు సీన్ కూడా ఒక మౌనంతోనే ముగిసింది, కాబట్టి ఇక్కడ రెండు సెకన్లు చాలు. ఒక్క మాస్టరే ఉంటే ఆ విరామాన్ని తగ్గించే దారే లేదు, మధ్యలో కోస్తే ఇద్దరూ ఉలిక్కిపడినట్టు చిత్రం ఎగురుతుంది. తమ్ముడి క్లోజప్‌లో అతని మాట పూర్తి చేసి, అక్క క్లోజప్‌లోకి ఆమె పెదవి కదలడానికి రెండు సెకన్ల ముందు వెళితే విరామం సగమవుతుంది, ఎవరికీ తెలియదు. తీసింది ఉంటే నాలుగు సెకన్లను ఆరుగా సాగదీయడమూ ఇంతే తేలిక.

అదే సీన్‌లో 35వ సెకను నుంచి 50వ సెకను దాకా ధర గురించిన మాటలున్నాయి. ఆ ధర ముందు సీన్‌లోనే వచ్చేసింది కాబట్టి ఆ పదిహేను సెకన్లు తీసేయాలి. చిక్కేమిటంటే 35వ సెకను దగ్గర గ్లాసు బల్ల మీద ఉంది, 50వ సెకనుకు అక్క చేతిలోకి వచ్చింది. మాస్టర్‌లో కోస్తే గ్లాసు గాల్లోంచి చేతిలోకి వచ్చినట్టుంటుంది. అక్క భుజం మీదుగా తమ్ముడిని చూపే షాట్‌లో బల్లా, ఆమె చేయీ ఫ్రేములో లేవు. అతను వింటున్న ముఖం మీద రెండు మూడు సెకన్లు నిలిచి తిరిగి అక్క వైపు వెళితే ఆ లోపు గ్లాసు ఎత్తిందని ప్రేక్షకుడే నమ్మేస్తాడు. నటన విషయంలోనూ ఈ వెసులుబాటు ఉంది. అక్క పాత్రధారి రెండో టేకులో, తమ్ముడు నాలుగో టేకులో బాగా చేసి ఉంటే ఆ రెంటినీ కలపడం విడి షాట్లతోనే కుదురుతుంది. మాస్టర్ ఒక్కటే ఉంటే ఇద్దరూ ఒకేసారి బాగా చేసిన టేకు కోసం ఎదురుచూడాలి.

ఈ వెసులుబాటు ఊరికే రాదు, కెమెరాను అటూ ఇటూ మార్చి పెట్టినంతలో అతికే షాట్లు వచ్చేయవు. మాస్టర్‌లో కెమెరా ఇద్దరినీ కలిపే గీతకు ఏ పక్కన ఉందో తర్వాతి షాట్లన్నీ ఆ పక్కనే ఉండాలి, లేకపోతే ఎదురెదురుగా ఉన్న ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు కనిపిస్తారు. రెండు ఓవర్ ది షోల్డర్ షాట్లకూ ఒకే లెన్సు, ఒకే దూరం ఉండాలి. ఒకరి ముఖం ఫ్రేములో పెద్దదై, మరొకరిది చిన్నదైతే దర్శకుడు అనుకోని అర్థమేదో అందులో చేరుతుంది. అన్నిటికంటే ఎక్కువ షాట్లను పాడుచేసేది మాట మీద మాట పడటం. అక్క క్లోజప్ తీస్తున్నప్పుడు ఫ్రేము బయట కూర్చున్న తమ్ముడు ఆమె మాట ముగియకుండానే అందుకుంటే, అతని గొంతు ఆమె శబ్దంలో దూరంగా, మసకగా కలిసిపోతుంది, ఇక ఆ చోట కోయడం కుదరదు. మాటకూ మాటకూ మధ్య వెంట్రుక వాసి ఖాళీ ఉంచమని ఇద్దరికీ ముందే చెప్పాలి. మాట మీద మాట కావాలంటే ఎడిటరే తర్వాత వాటిని ఒకదానిమీదికి ఒకటి జరుపుతాడు.

రోజు గడిచిపోతుందన్న ఫిర్యాదులో మాత్రం పస ఉంది, ఎందుకంటే చాలామంది మాస్టర్, ఇద్దరికీ చెరో ఓవర్ ది షోల్డర్, చెరో క్లోజప్ అనే ఈ ఐదు షాట్లనూ మొదటి మాట నుంచి చివరి మాట దాకా తీస్తారు. మాస్టర్ మూడు టేకులు, మిగతా నాలుగూ తలా నాలుగు టేకులు అనుకుంటే రెండు నిమిషాల సీన్‌కు 38 నిమిషాల ఫుటేజ్ పోగవుతుంది. మన సీన్ మలుపు తిరిగేది 80వ సెకను దగ్గర. అంతకు ముందు క్లోజప్ వాడాల్సిన పనే లేదు. కాబట్టి మాస్టర్ రెండు టేకులు, ఓవర్ ది షోల్డర్లు చెరో మూడు టేకులు పూర్తిగా తీసి, క్లోజప్‌లను 70వ సెకను నుంచి మాత్రమే చెరో మూడుసార్లు తీస్తే చాలు. ఆ ముందరి పది సెకన్లు నటులు భావంలోకి రావడానికి. ఇలా తీస్తే మొత్తం 21 నిమిషాలవుతుంది.

నిజానికి సమయాన్ని మింగేది కెమెరా నడిచే నిమిషాలకన్నా లైట్లు మార్చే పనే. అందుకే మాస్టర్ తర్వాత ఒక వైపు ఓవర్ ది షోల్డర్, క్లోజప్ రెండూ పూర్తి చేసి, ఆ తర్వాతే రెండో వైపు తిరుగుతారు. సెటప్‌లు ఐదున్నా లైటింగ్ పూర్తిగా మారేది మాస్టర్‌కు, అక్క వైపుకు, తమ్ముడి వైపుకు, మూడుసార్లే. నటుల అలసటకు మందు కూడా ఈ క్రమంలోనే ఉంది. ఈ సీన్‌లో బరువంతా అక్క ముఖం మీద పడుతుంది కాబట్టి మొదట తీయాల్సింది ఆమె వైపు. కన్నీళ్లు పెట్టాల్సిన మనిషిని రోజు చివరి దాకా భుజం చూపించడానికి కూర్చోబెట్టి, ఆఖరున క్లోజప్ అడిగితే ఏమీ మిగలదు.

ఎదురెదురు కెమెరాల సలహా కాగితం మీద బాగుంటుంది. తీరా పెట్టబోతే రెండూ ఒకదానికొకటి కనిపించకుండా ఉండటానికి పక్కకు జరగాలి, జరిగినకొద్దీ ముఖాలు మళ్లీ పక్క ముఖాలవుతాయి. అక్కకు వెనుక నుంచి అంచు వెలుగు ఇచ్చే లైటు తమ్ముడి ముఖం మీద ఎదురుగా పడి దాన్ని చదును చేస్తుంది. లైట్లు సర్దడానికీ, కెమెరాలను దాచడానికీ పట్టే సమయంతో ఆ ఆదా చాలావరకు కరిగిపోతుంది. అయినా సంభాషణ ముందుగా రాసుకోనిదైతే, నటులు ప్రతి టేకులోనూ కొత్త మాట అనేవారైతే నేను కూడా ఎదురెదురుగానే పెట్టమంటాను, ఎందుకంటే ఆ మాటకు వచ్చిన స్పందన మరో టేకులో దొరకదు. మిగతా సీన్లకు రెండో కెమెరా ఉంటే దాన్ని అదే వైపు, మొదటిదాని పక్కనే నిలిపి, ఒకదానితో ఓవర్ ది షోల్డర్, మరొకదానితో క్లోజప్ ఒకేసారి తీసుకోవచ్చు. అలా తీసేటప్పుడు బూమ్ వెడల్పు ఫ్రేముకు పైనే ఉండిపోతుంది కాబట్టి, మలుపు మాటలను బూమ్ కిందికి దింపి క్లోజప్‌లో మరొక్కసారి తీసుకోవాలి.