760 కోట్ల డాలర్లు పోయింది 2015లో కాదు

2015 జులైలో మైక్రోసాఫ్ట్ తన ఖాతాల్లోంచి దాదాపు 760 కోట్ల డాలర్ల విలువ కొట్టివేసింది. మన హైదరాబాద్ నుంచి వెళ్లిన సత్య నాదెళ్ల సీఈఓ అయి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. దాంతో జూన్‌తో ముగిసిన త్రైమాసికంలో కంపెనీకి 320 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. "ఒక్కరోజులో అంత డబ్బు పోయిందా?" అని చాలామంది అడిగారు. ఆ రోజు ఆ కొట్టివేత వల్ల బ్యాంకులోంచి ఒక్క డాలర్ కూడా బయటికి వెళ్లలేదు. డబ్బు వెళ్లింది 2014 ఏప్రిల్‌లో, నోకియా ఫోన్ల వ్యాపారం కొన్నప్పుడు.

కొట్టివేసినదాంట్లో ఎక్కువ భాగం గుడ్‌విల్. అది ఎలా పుడుతుందో చూస్తే ఇదంతా తేలిగ్గా అర్థమవుతుంది. బస్టాండ్ ఎదురుగా బాగా నడిచే టిఫిన్ సెంటర్‌ని మీరు 50 లక్షలకు కొన్నారనుకోండి. పొయ్యిలు, గ్రైండర్లు, ఫ్రిజ్‌లు, షాపు అడ్వాన్సు అన్నీ కలిపి లెక్కేస్తే 20 లక్షలే తేలాయి. మిగతా 30 లక్షలు దేనికిచ్చారు? రోజూ వచ్చే జనం రేపూ వస్తారన్న నమ్మకానికి. ఆ 30 లక్షలే పుస్తకాల్లో గుడ్‌విల్. రెండేళ్లకు బస్టాండ్ ఊరి బయటికి మారింది, గల్లా సగానికి పడిపోయింది. ఇకముందు రాబోయే డబ్బుని ఈనాటి విలువకు లెక్కగడితే 28 లక్షలే వస్తోంది, అమ్మేద్దామన్నా అంతకన్నా ఎక్కువ ఇచ్చేవాళ్లు లేరు. అలాంటప్పుడు పుస్తకంలో 50 అని ఉంచడం అబద్ధం. తరుగుదల సంగతి పక్కన పెడితే 22 లక్షలు తగ్గించాలి, అదీ ముందు గుడ్‌విల్‌లోంచే. ఇదే ఇంపెయిర్‌మెంట్.

నోకియా కథలో బస్టాండ్ లాంటివి ఆండ్రాయిడ్, ఐఫోన్. జనం అటు వెళ్లిపోయారు, విండోస్ ఫోన్ అమ్మకాలు అనుకున్నంత రాలేదు. కొన్నప్పుడు గుడ్‌విల్ కింద రాసిందే దాదాపు 550 కోట్ల డాలర్లు, అందులో 500 కోట్లకు పైగా ఎగిరిపోయింది. కానీ ఇది ఉరుములేని పిడుగేం కాదు. ఫోన్ల విభాగం లక్ష్యాలు అందుకోలేదని, గుడ్‌విల్ తగ్గించాల్సి రావచ్చని అంతకుముందు త్రైమాసిక నివేదికలోనే రాశారు. అది చదివిన ఇన్వెస్టర్‌కి జులై వార్త షాక్ కాదు.

నాకు అసలు ఇబ్బంది ఈ లెక్క చేతిలో ఉన్నవాళ్లతోనే. భవిష్యత్తు అమ్మకాలు ఎంత పెరుగుతాయో, రాబోయే డబ్బుని ఈనాటి విలువకు మార్చడానికి ఏ డిస్కౌంట్ రేటు వాడాలో అంచనా వేసేది యాజమాన్యమే, పైగా చాలాసార్లు ఆ కొనుగోలు చేసినవాళ్లే. ఒకట్రెండు శాతం అటూ ఇటూ జరిపితే కొట్టివేతను కొన్నేళ్లు వాయిదా వేయొచ్చు. కొత్త సీఈఓ రాగానే పాత విలువలు కూలడం అందుకే తరచూ చూస్తాం. మన దేశంలో ఇండ్ ఏఎస్ 36 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం గుడ్‌విల్ ఉన్న కంపెనీ ఏటా ఈ పరీక్ష చేయాలి, ఒకసారి తగ్గించిన గుడ్‌విల్‌ని మళ్లీ పెంచకూడదు. వాడిన వృద్ధి రేటు, డిస్కౌంట్ రేటు వార్షిక నివేదికలోని గుడ్‌విల్ నోట్‌లో ఉంటాయి. అమ్మకాలు మూడేళ్లుగా కదలని విభాగానికి అక్కడ ఏటా పది శాతం పెరుగుదల రాసి ఉంటే, ఆ షేరు కొనేముందు నేనైతే ఆగుతాను.